ఉపగ్రహం పడుతూనే ఉంటుంది, నేలే అందదు

ప్రశ్న: మా అమ్మాయి ఎనిమిదో క్లాసు. శ్రీహరికోట ప్రయోగం టీవీలో చూస్తూ అడిగింది: "రాకెట్ వదిలేశాక ఉపగ్రహానికి ఇంజిన్ నడవదు కదా నాన్నా, మరి కింద ఎందుకు పడదు?" పైన గురుత్వాకర్షణ ఉండదని చెప్పాను, కానీ ఆ జవాబు మీద నాకే నమ్మకం లేదు. కక్ష్య అంటే అసలు ఏమిటి?

జవాబు:

పైన గురుత్వాకర్షణ ఉండదన్న మాటను ముందు పక్కన పెట్టేయండి. డిగ్రీ కాలేజీలో చాలా ఏళ్లు ఫిజిక్స్ చెప్పాను. మొదటి సంవత్సరంలో చేరే పిల్లల్లో సగం మందికి పైగా ఈ నమ్మకంతోనే వచ్చేవాళ్లు. ఇది పోతే తప్ప మిగతాది అర్థం కాదు.

భూమి ఆకర్షణ నేల నుంచి ఎంత ఎత్తులో ఉన్నామన్నదాన్ని బట్టి కాదు, భూమి కేంద్రం నుంచి ఎంత దూరంలో ఉన్నామన్నదాన్ని బట్టి తగ్గుతుంది. మనం నేల మీద ఉన్నప్పుడే కేంద్రానికి దాదాపు 6,380 కిలోమీటర్ల దూరంలో ఉన్నాం. ఇంకో 356 కిలోమీటర్లు పైకి వెళితే ఆ దూరం 6,735 అవుతుంది, అంతే. ఆకర్షణ పదో వంతు తగ్గుతుంది, తొమ్మిది వంతులు అలాగే ఉంటుంది. అంత ఎత్తు నిచ్చెన వేసి దాని చివరి మెట్టు మీద నిలబడగలిగితే, ఇక్కడ 60 కిలోలు తూగే మనిషి అక్కడ 54 కిలోలు తూగుతాడు. చేతిలోని రాయి వదిలితే అది తిన్నగా కిందికే వస్తుంది.

356 అన్న అంకె ఊరికే తీసుకోలేదు. 2022 ఆగస్టు 7న శ్రీహరికోట నుంచి లేచిన ఒక రాకెట్ తన ఉపగ్రహాలను వదలాల్సిన ఎత్తు అది. ఆ ప్రయోగం విఫలమైంది. మీ అమ్మాయి అడిగిన దానికి విజయవంతమైన ఏ ప్రయోగం కన్నా ఆ వైఫల్యమే బాగా జవాబు చెబుతుంది. దాని దగ్గరికి వెళ్లే ముందు, పడటం అంటే ఏమిటో ఒకసారి చూద్దాం.

డాబా మీద నుంచి ఒక బంతిని ఊరికే వదలండి. గాలి అడ్డు లెక్కలోకి తీసుకోకపోతే మొదటి సెకనులో అది 4.9 మీటర్లు పడుతుంది. ఇంకో బంతిని నేలకు సమాంతరంగా గట్టిగా విసరండి. అది దూరంగా పోయి పడుతుంది, కానీ అది కూడా మొదటి సెకనులో 4.9 మీటర్లే పడుతుంది. ఎంత వేగంగా విసిరినా ఆ పడటం మారదు. మారేది ఎంత దూరం పోతుందన్నదే.

ఇప్పుడు భూమి గుండ్రంగా ఉందన్న సంగతి కలపండి. ఒక చోట నేలకు సమాంతరంగా గీత గీసి, ఆ గీతను వంచకుండా తిన్నగా ముందుకు పొడిగిస్తూ పోతే, 8 కిలోమీటర్ల దగ్గరికి వచ్చేసరికి నేల ఆ గీత కన్నా సుమారు 5 మీటర్లు కిందికి వంగిపోయి ఉంటుంది. కాబట్టి ఒక వస్తువు సెకనుకు దాదాపు 8 కిలోమీటర్ల వేగంతో అడ్డంగా పోతుంటే, ఆ సెకనులో అది ఎంత పడిందో నేల కూడా అంతే వంగింది. పడింది నిజం, నేలకు దగ్గర కాలేదన్నదీ నిజం. కొండ మీద ఫిరంగి పెట్టి పేల్చినట్టు ఊహించుకుని న్యూటన్ మూడు వందల ఏళ్ల కిందటే ఈ సంగతి చెప్పాడు. అప్పటికి ఆ వేగంతో ఏదైనా విసరగల యంత్రం ప్రపంచంలో లేదు.

తెలివైన పిల్లలు ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న వేస్తారు, మీ అమ్మాయి కూడా వేయవచ్చు. డాబా మీద నుంచి వదిలిన బంతి రెండో సెకనులో ఇంకా ఎక్కువ పడుతుంది కదా, ఎందుకంటే మొదటి సెకను అయ్యేసరికి దానికి కిందికి సెకనుకు 9.8 మీటర్ల వేగం వచ్చేసింది. మరి ఉపగ్రహం రెండో సెకనులో నేలకు దగ్గర కావాలి కదా?

కాదు, ఎందుకంటే అది 8 కిలోమీటర్లు ముందుకు జరిగింది, ఆ చోట 'కిందికి' అన్న దిక్కే కొంచెం మారిపోయింది. మనకు కిందికి అంటే భూమి కేంద్రం వైపు. మొదటి సెకనులో వచ్చిన ఆ 9.8 మీటర్ల వేగం, ఉపగ్రహం పోయే దిక్కును సరిగ్గా నేల వంగినంత మేర వంచడానికే సరిపోయింది. రెండో సెకను మొదలయ్యేటప్పటికి అది కొత్త చోట, అక్కడి నేలకు మళ్లీ సమాంతరంగానే పోతోంది. లెక్క మళ్లీ మొదటికి వచ్చింది. ప్రతి క్షణం ఇదే. ఇలా గుండ్రంగా తిరుగుతున్నంతసేపు ఆకర్షణ దాని వేగాన్ని పెంచదు, తగ్గించదు, పోయే దిక్కును మాత్రం మారుస్తూ ఉంటుంది. ఇలా పడుతూ చుట్టి వచ్చే దారినే కక్ష్య అంటాం. ఆకాశంలో పట్టాలేమీ ఉండవు.

మన పుస్తకాల్లో తరచుగా కనిపించే ఇంకో వాక్యం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. "గురుత్వాకర్షణ, అపకేంద్ర బలం ఒకదానికొకటి సమం కావడం వల్ల ఉపగ్రహం పడదు" అని రాస్తారు. ఉపగ్రహంతో పాటు తిరిగే వాడి వైపు నుంచి లెక్క కట్టేటప్పుడు ఆ మాటకు అర్థం ఉంది. నేల మీద నిలబడి చూసే పిల్లలకు మాత్రం అది తప్పు బొమ్మ చూపిస్తుంది. రెండు బలాలు నిజంగా ఒకదాన్నొకటి కొట్టేసుకుంటే వస్తువు మీద ఏ బలమూ లేనట్టే, అప్పుడది తిన్నగా గీత గీసినట్టు పోవాలి, వంకర తిరగకూడదు. పొలంలో పిట్టల్ని తోలే వడిసెల గుర్తు చేసుకోండి. తాడు లోపలికి లాగుతున్నంతసేపే రాయి గుండ్రంగా తిరుగుతుంది, తాడు వదలగానే తిన్నగా దూసుకుపోతుంది. ఉపగ్రహానికి ఆ తాడు భూమి ఆకర్షణే. అది లేకపోతే ఉపగ్రహం చుట్టూ తిరగదు, మనల్ని వదిలి వెళ్లిపోతుంది.

కాబట్టి ఉపగ్రహాన్ని నిలబెట్టేది ఎత్తు కాదు, అడ్డంగా ఉన్న వేగం. శ్రీహరికోట నుంచే దీనికి మంచి రుజువు ఉంది. పై వాతావరణాన్ని పరిశోధించడానికి ఇస్రో రోహిణి అనే చిన్న రాకెట్లను పంపుతుంది. వాటిలో పెద్దదైన RH-560 నాలుగు వందల కిలోమీటర్లు దాటి పైకి పోగలదు. అంటే మనం మాట్లాడుకుంటున్న 356 కన్నా ఎక్కువ. అయినా నిమిషాల్లో తిరిగి సముద్రంలో పడుతుంది, ఎందుకంటే అది దాదాపు నిట్టనిలువుగా పోతుంది, అడ్డంగా వేగం లేదు. ఒక కిలో బరువును 356 కిలోమీటర్ల ఎత్తుకు చేర్చడానికి పట్టే శక్తి ఒక వంతు అనుకుంటే, అక్కడ దానికి కక్ష్య వేగం ఇవ్వడానికి సుమారు తొమ్మిది వంతులు కావాలి. రాకెట్ నిలువుగా లేచిన కాసేపటికే సముద్రం వైపు వాలిపోవడం మీరు టీవీలో చూసే ఉంటారు. అసలు పని అక్కడి నుంచే మొదలవుతుంది.

ఇక 2022 ఆగస్టు 7 సంగతి. ఎస్ఎస్ఎల్‌వీ అనే కొత్త చిన్న రాకెట్‌కు అది తొలి ప్రయోగం. అందులో రెండు ఉపగ్రహాలు ఉన్నాయి. ఒకటి సుమారు 135 కిలోల ఈఓఎస్-02. రెండోది ఎనిమిది కిలోల ఆజాదీశాట్, దేశంలోని ప్రభుత్వ పాఠశాలల అమ్మాయిలు 750 మంది కలిసి తయారుచేసిన భాగాలు ఉన్నది. రెండింటినీ 356 కిలోమీటర్ల ఎత్తులో గుండ్రటి కక్ష్యలో వదలాలి. ఒకటి ఇంకోదాని కన్నా పదిహేను రెట్లకు పైగా బరువు, అయినా రెండింటికీ కావలసిన వేగం ఒకటే. బరువైనదాన్ని భూమి ఎక్కువ బలంతో లాగుతుంది, కానీ దాన్ని కదపడం కూడా అంతే కష్టం, అందుకే రెండూ ఒకేలా పడతాయి. బరువు తేడా రాకెట్‌కే గాని కక్ష్యకు పట్టదు.

ఆ ఎత్తులో కావలసిన వేగం సెకనుకు 7.69 కిలోమీటర్లు. మనం నేల దగ్గర వేసిన లెక్కనే అక్కడ వేసి చూడండి. ఒక సెకనులో ఉపగ్రహం 4.4 మీటర్లు పడుతుంది, ఆకర్షణ పదో వంతు తగ్గింది కాబట్టి. అదే సెకనులో అది పోయే 7.69 కిలోమీటర్ల దూరానికి ఆ వృత్తం వంగేది కూడా 4.4 మీటర్లే. ఈ వేగంతో ఒక చుట్టు తిరిగి రావడానికి గంటన్నర కన్నా కొంచెం ఎక్కువ, దాదాపు 92 నిమిషాలు పడుతుంది.

ఎస్ఎస్ఎల్‌వీలో మూడు దశలు ఘన ఇంధనంతో మండుతాయి. ఘన ఇంధనం చిచ్చుబుడ్డి లాంటిది, ఒకసారి అంటించాక కావలసిన వేగం రాగానే ఆపేయడం కుదరదు. అందుకే పైన చిన్న చిన్న ద్రవ ఇంధన ఇంజిన్లున్న ఒక భాగం పెడతారు. మూడు దశలూ అయ్యాక వేగంలో మిగిలిన తేడాను సరిదిద్దడమే దాని పని.

ఆ రోజు మూడు దశలూ బాగానే మండాయి. కానీ రెండో దశ విడిపోయేటప్పుడు ఒక్క క్షణం వచ్చిన అదురుకు వేగం మార్పును కొలిచే యాక్సిలరోమీటర్లు తమ హద్దు దాటిపోయాయి. అవి చెడిపోయాయని కంప్యూటర్ నిర్ణయించేసుకుంది. నిజానికి అవి చెడలేదు, ఆ కుదుపు అయ్యాక మామూలుగానే ఉన్నాయి. కంప్యూటర్ మాత్రం వాటిని పక్కన పెట్టి, అత్యవసరంలో వాడే వేరే పద్ధతిలోకి మారింది. వేగాన్ని సరిదిద్దాల్సిన చివరి భాగం తన పని చేయలేదు. ఉపగ్రహాలు రాకెట్ నుంచి శుభ్రంగానే విడిపోయాయి, ఎత్తు కూడా అనుకున్నదే. తక్కువైంది వేగం ఒక్కటే.

ఎంత తక్కువ? ఇస్రో ఆ రోజు చెప్పిన అంకెలు రెండు: కక్ష్య గుండ్రంగా 356 కిలోమీటర్లు ఉండాల్సింది పోయి, ఒక వైపు 356, రెండో వైపు 76 అయింది. ఈ రెండు ఎత్తుల నుంచి లెక్క కడితే, విడిపోయిన చోట వేగం 7.69 బదులు 7.61 అని వస్తుంది. అంటే సెకనుకు దాదాపు 80 మీటర్ల లోటు. నూటికి ఒకటి, అంతే. నాకు ఈ ప్రయోగంలో ఎప్పుడూ మనసులో మెదిలే విషయం ఇదే. పరీక్షలో నూటికి తొంభై తొమ్మిది వస్తే పండగ చేసుకుంటాం. ఇక్కడ నూటికి తొంభై తొమ్మిది వచ్చి ఉపగ్రహాలు రెండూ పోయాయి.

ఒక్క శాతం లోటు అవతలి వైపు 280 కిలోమీటర్ల లోటు ఎలా అయింది? ఉపగ్రహంతో పాటు ప్రయాణం చేసి చూడండి. విడిపోయిన చోట వేగం కొంచెం తక్కువ కాబట్టి, వృత్తం వంగే దానికన్నా అది కొంచెం ఎక్కువ పడుతుంది. తేడా మొదట్లో చాలా చిన్నది. కానీ ప్రతి సెకనూ అదే జరుగుతుంటే అది లోపలికి దిగుతూ పోతుంది. దిగే కొద్దీ, దిగువకు దొర్లే బండిలాగా వేగం పుంజుకుంటుంది. భూమికి సరిగ్గా అవతలి వైపు చేరేసరికి వేగం 7.94 అయింది. ఆ ఎత్తుకు అది అవసరానికి మించిన వేగం, కాబట్టి అక్కడి నుంచి మళ్లీ పైకి లేవాలి, ఎక్కే కొద్దీ వేగం పోగొట్టుకుంటూ బయల్దేరిన చోటికి, బయల్దేరిన వేగంతోనే తిరిగి రావాలి. ఇదే దీర్ఘవృత్తం. చివరిసారి ఇంజిన్ ఆగిన చోటు ఎప్పుడూ కక్ష్య మీదే ఉంటుంది, అక్కడ చేసిన తప్పు ఫలితం అవతలి వైపు కనిపిస్తుంది. స్థూలంగా ఒక శాతం వేగం తగ్గితే, అవతలి కొస భూమి కేంద్రానికి నాలుగు శాతం దగ్గరవుతుంది. 6,735 కిలోమీటర్లలో నాలుగు శాతం అంటే దాదాపు 270. మన లోటు ఒక శాతం కన్నా కొంచెం ఎక్కువ, అందుకే 280.

భూమి చుట్టూ గాలే లేకపోతే ఆ కక్ష్యకు వచ్చిన ప్రమాదం ఏమీ లేదు. 76 కిలోమీటర్ల దగ్గర దూసుకుపోయి మళ్లీ పైకి లేచేది, అలాగే తిరుగుతూ ఉండేది. ఒక చుట్టుకు 92 నిమిషాల బదులు 89 నిమిషాలు పట్టేది, అంతే తేడా. కానీ 76 కిలోమీటర్ల దగ్గర గాలి ఉంది. నేల మీది గాలి కన్నా వేల రెట్లు పలచన. మన విమానాలకు అది శూన్యంతో సమానం. సెకనుకు 7.9 కిలోమీటర్ల వేగంతో వచ్చేదానికి మాత్రం అది గోడ లాంటిది. రాత్రి ఆకాశంలో రాలే ఉల్కలు చాలావరకు 80 నుంచి 100 కిలోమీటర్ల ఎత్తులోనే మండిపోతాయి, ఇది ఇంకా కిందికి దిగింది. విడిపోయిన చోటి నుంచి అవతలి కొసకు సగం చుట్టు, అంటే ముప్పావు గంట కూడా పట్టదు. ఆ ఉపగ్రహాలు నిలబడలేదు, కక్ష్య నుంచి పడిపోయాయని ఇస్రో అదే రోజు ప్రకటించింది. ఆరు నెలల తర్వాత, 2023 ఫిబ్రవరి 10న, లోపాలు సరిచేసిన అదే రకం రాకెట్ 450 కిలోమీటర్ల ఎత్తులో ఉపగ్రహాలను సరిగ్గా వదిలింది. వాటిలో ఆ పిల్లల రెండో ఉపగ్రహం కూడా ఉంది. ఆ వార్త చూసి నేను చాలా సంతోషించాను.

ఇంజిన్ నడవకుండా ఎలా తిరుగుతుందన్న మీ అమ్మాయి ప్రశ్నకు సరిగ్గా జవాబు ఇక్కడ దొరుకుతుంది. మన బండికి పెట్రోలు కావలసింది కదలడానికి కాదు, రోడ్డు, గాలి తినేసే వేగాన్ని తిరిగి నింపడానికి. తినేసేది ఏదీ లేకపోతే నింపాల్సిన పని లేదు. మన తొలి ఉపగ్రహం ఆర్యభట దీనికి చక్కటి సాక్ష్యం. 360 కిలోల ఆ ఉపగ్రహాన్ని 1975 ఏప్రిల్ 19న సోవియట్ రాకెట్ సుమారు 600 కిలోమీటర్ల ఎత్తుకు చేర్చింది. కొద్ది రోజులకే కరెంటు సరఫరాలో లోపం వచ్చి దాని ప్రయోగాలు ఆగిపోయాయి. అయినా అది తిరగడం మానలేదు. 1992 ఫిబ్రవరి దాకా, దాదాపు 17 ఏళ్లు భూమిని చుట్టింది. ఏ ఇంజినూ దాన్ని తోయలేదు.

చివరికి అది కూడా పడింది కదా అంటే, పడింది, గాలి వల్లే. ఆరు వందల కిలోమీటర్ల దగ్గర కూడా గాలి జాడ కొంచెం ఉంటుంది. అది ప్రతి చుట్టులోనూ రవ్వంత శక్తిని తినేస్తుంది, ఉపగ్రహం రవ్వంత కిందికి జారుతుంది, కింద గాలి ఇంకొంచెం చిక్కన. చివరి రోజుల్లో ఈ జారుడు చాలా వేగంగా అయిపోతుంది. నాలుగు వందల కిలోమీటర్ల దగ్గర తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రాన్ని ఇందుకే అప్పుడప్పుడు ఇంజిన్లు మండించి పైకి నెట్టాల్సి వస్తుంది. అందులో మనుషులు తేలుతూ కనిపించడం చూసే "పైన గురుత్వాకర్షణ లేదు" అన్న మాట పుట్టింది. వాళ్లూ, వాళ్ల గది, చేతిలోని చెంచా అన్నీ ఒకేలా పడుతున్నాయి, కాబట్టి ఏదీ ఇంకోదాని మీద ఆనదు. తేలడం అంటే అంతే. టీవీ ఉపగ్రహాలు ఉండే 36 వేల కిలోమీటర్ల ఎత్తులో మాత్రం గాలి గురించి ఆలోచించనక్కర్లేదు. అక్కడ వాడే కొద్దిపాటి ఇంధనం చంద్రుడు, సూర్యుడి లాగుడు వల్ల చోటు జరగకుండా చూసుకోవడానికి. కింద పడకుండా ఉండటానికి కాదు.

తర్వాతి ప్రయోగం ప్రత్యక్ష ప్రసారం మీ అమ్మాయితో కలిసి చూసేటప్పుడు తెర మీద ఎత్తు, వేగం రెండింటినీ చూపించండి. మొదటి నిమిషాల్లో ఎత్తు గబగబా పెరుగుతుంది. తర్వాత ఎత్తు దాదాపు ఆగిపోయినట్టు ఉంటుంది, ఒక్కోసారి కొంచెం తగ్గుతుంది కూడా. ఆ సమయంలో వేగం మాత్రం నాలుగు, ఐదు, ఆరు అంటూ ఎక్కుతూనే ఉంటుంది. ఎత్తు పెరగడం లేదేమిటని ఆ పాప కంగారు పడితే, ఇప్పుడు అడ్డంగా వేగం కూడబెడుతోందని చెప్పండి. ఉపగ్రహం విడిపోయినప్పుడు హాల్లో చప్పట్లు కొడతారు, 2022లో కూడా ఉపగ్రహాలు విడిపోయాయి. ఆ తర్వాత కక్ష్య అంకెలు రెండు చదువుతారు, దగ్గరి కొస ఎంత, దూరపు కొస ఎంత అని. వాటిలో చిన్న అంకె ఎంతో వినేదాకా ఆగమనండి.